అప్‌డేట్: 4 జీబీ ఫైల్ చివరికి దిగింది

నా ప్రశ్న: "రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే పెద్ద డౌన్‌లోడ్ సగంలో ఆగిపోతోంది. నెట్ బాగానే ఉంది. ఎందుకండీ?"

మీరన్నట్టు తప్పు నెట్‌ది కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా గదిలోనే రెండు రాత్రులు చూశాను. చార్జర్ పెట్టిన రాత్రి ఫైల్ ఆగలేదు. తీసేసిన రాత్రి కాసేపటికే ఆగింది. చార్జింగ్ లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో ఉంటే ఆండ్రాయిడ్ యాప్‌లకు నెట్ ఆపేసి, మధ్యమధ్యలో కొద్దిసేపే వదులుతుందట. డౌన్‌లోడ్ చేసే యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో `Unrestricted` పెట్టాక చార్జర్ లేకపోయినా సాగింది.

ఇంకో టెన్షన్ మిగిలింది. కరెంటు పోతే వైఫై పోతుంది, బ్రౌజర్ మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టేది. అందుకే డౌన్‌లోడ్ మేనేజర్‌కి మారాను. ఎంత వచ్చిందో గుర్తుపెట్టుకుని అది మిగతా భాగమే అడుగుతుంది. కాకపోతే అవతలి సర్వర్ కూడా అందుకు ఒప్పుకోవాలి. కొంచెం దిగాక ఆపి, మళ్లీ కొనసాగించి చూడండి. సున్నాకి వెళ్లిందంటే ఆ సర్వర్ ఒప్పుకోనట్టే, లేదా లింక్ గడువు తీరి ఉండొచ్చు. నిన్న 2.6 జీబీ దగ్గర కరెంటు పోయింది. వచ్చాక అక్కడి నుంచే అందుకుంది. చాలా థ్యాంక్సండీ.