పీఎఫ్ పాస్‌బుక్‌లో కంపెనీ వాటా సగమే, వడ్డీ కూడా తక్కువే: తప్పు ఎవరిది?

కిరణ్88
నా బేసిక్ 20,000. నా జీతంలో నెలకు 2,400 కోస్తున్నారు, కంపెనీ వాటా కింద 1,150 మాత్రమే కనిపిస్తోంది. 2023-24కి వడ్డీ 8.25 శాతం కదా. వడ్డీ కలపకముందు బ్యాలెన్స్ 2,42,600, దాని మీద 20,014 రావాలి. పడింది 18,111. మిగతా 1,900 ఏమైంది?

పాతఖాతా
పక్కనే పెన్షన్ కాలమ్ ఉంటుంది, అందులో 1,250 ఉందేమో చూడండి. 1,150కి అది కలిపితే 2,400. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది, అదీ 15,000 వరకే లెక్క. అందుకే 1,250 దగ్గర ఆగింది.

వడ్డీ చివరి బ్యాలెన్స్ మీద ఇవ్వరు. ఏప్రిల్లో పడిన డబ్బుకి మే నుంచి 11 నెలల వడ్డీ, మేలో పడినదానికి 10 నెలలు, అలా తగ్గుతూ మార్చిలో పడినదానికి ఏమీ ఉండదు. మీ ఏప్రిల్ ఓపెనింగ్ 2,00,000 అయి ఉండాలి. దాని మీద 16,500. నెలనెలా పడే 3,550 మీద మొత్తం 66 నెలల వడ్డీ, అంటే 1,611. రెండూ కలిపితే మీ 18,111.

శ్రావణి_ఎం
నెలనెలా లెక్కేస్తున్నారంటే వడ్డీ మీద వడ్డీ కూడా నెలనెలా వస్తుంది కదా? అప్పుడు ఇంకా ఎక్కువ రావాలి.

పాతఖాతా
లెక్క నెలకి, జమ ఏడాదికి ఒకసారి. "Int. Updated upto 31/03/2024" అని ఒకే వరస వస్తుంది. ఆ వరసలో ఉద్యోగి కాలమ్‌లో 12,639, కంపెనీ కాలమ్‌లో 5,472 ఉంటే సరిగ్గా సరిపోతుంది. ఏడాది లోపల వడ్డీ మీద వడ్డీ లేదు.

గోపాల్_జి
మీకు కనీసం అన్ని నెలలూ పడ్డాయి. మా పాత కంపెనీ నాలుగు నెలలు జీతంలో కోసి కట్టనేలేదు. స్లిప్‌లో ఉంది, పాస్‌బుక్‌లో ఆ నెలల వరసలే లేవు. ఉద్యోగం మానేశాక చూసుకున్నాను. మొత్తం చూస్తే తెలియదండీ, ఒక్కో జీతం నెల పక్కన స్లిప్ పెట్టుకుని చూడాలి.

కిరణ్88
గోపాల్ గారూ, నా నెలలన్నీ ఉన్నాయి. నా బాధ వేరు. సీటీసీలో కంపెనీ పీఎఫ్ 2,400 అని రాసి ఆఫర్ ఇచ్చారు. అంటే అది నా జీతమే. అందులో 1,250కి వడ్డీ కూడా లేదు, బ్యాలెన్స్‌లోనూ కనబడదు. లెక్క సరిపోయిందని మీరు చెప్పినంత మాత్రాన నా డబ్బు నాకు వచ్చినట్టా?

శ్రావణి_ఎం
పెన్షన్ వద్దంటారా? పదేళ్లు నిండితే 58 నుంచి జీవితాంతం వస్తుంది. మా నాన్నగారు దాంతోనే మందులు కొనుక్కుంటున్నారు. 1,250 కోసం దాన్ని తిట్టకండి.

కిరణ్88
మీ నాన్నగారి సంగతి నేనెందుకు అంటాను? నన్నడగకుండా ఎందుకు మళ్లించారన్నదే నా ప్రశ్న.

పాతఖాతా
కిరణ్ గారూ, ఇది మొదటే అడగాల్సింది. మీ మొదటి పీఎఫ్ ఉద్యోగం ఎప్పుడు? అప్పుడు బేసిక్ ఎంత?

కిరణ్88
ఇదే కంపెనీ. 2018 అక్టోబర్. 18,000.

పాతఖాతా
అయితే మీ 1,250 పెన్షన్‌కి వెళ్లకూడదు. 2014 సెప్టెంబర్ 1 నుంచి కొత్తగా చేరినవాళ్లకి చేరేనాటికే బేసిక్, డీఏ కలిపి 15,000 దాటి ఉంటే పెన్షన్ పథకంలో చోటు లేదు. కంపెనీ 2,400 మొత్తం పీఎఫ్‌కే రావాలి. పాస్‌బుక్‌లో ఈపీఎస్ వేజెస్ కింద 15,000 ఉందంటే మీ హెచ్‌ఆర్ చేరినప్పుడే తప్పు గడిలో పెట్టారు. సున్నా ఉండాలి. నేను రిటర్నులు వేసిన రోజుల్లో ఇలాంటివి చాలా సరిచేశాను.

శ్రావణి_ఎం
అయినా వదిలేయొచ్చు కదా? కట్టిన డబ్బే కదా, పదేళ్లకి పెన్షన్ ఇస్తారు.

పాతఖాతా
వదిలేయకూడదమ్మా. క్లెయిమ్ పెట్టిన రోజున అర్హత చూస్తారు, అక్కడ ఆగిపోతుంది. అప్పటికి ఆ కంపెనీ ఉంటుందో లేదో.

శ్రావణి_ఎం
ఇన్నేళ్లు డబ్బు తీసుకుని, చివర్లో అర్హత లేదంటే అది ఉద్యోగి తప్పా? అలాంటప్పుడు పెన్షనే ఇవ్వాలని నేనంటాను.

కిరణ్88
పాస్‌బుక్ తీశాను. ఈపీఎస్ వేజెస్ 15,000, ప్రతి నెలా. 2018 అక్టోబర్ నుంచి. నేను అడిగింది వేరు, బయటపడింది వేరు.

పాతఖాతా
ముందు హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా పెట్టండి. చేరిన తేదీ, అప్పటి బేసిక్, మొదటి జీతం స్లిప్ జతచేయండి. పెన్షన్ ఖాతా నుంచి పీఎఫ్‌కి మార్చమని కంపెనీయే పీఎఫ్ ఆఫీసుకి రాయాలి, మీరు ఒక్కరే అడిగితే ముందుకు పోదు.

గోపాల్_జి
హెచ్‌ఆర్ జవాబివ్వకపోతే? మా వాళ్లు ఇవ్వలేదు.