పడకగదికి చెక్క పలకలు: ఆరు పెట్టెలా, ఏడా?

మా పడకగది పొడవు 3,660 మి.మీ., వెడల్పు 3,050 మి.మీ. క్లిక్ లాక్ పలక ఒక్కొక్కటి 1,215 × 195 మి.మీ.; పెట్టెకు 8 వస్తాయి, దుకాణంలో విడిగా అమ్మరు. పెట్టె మీద ప్రతి గోడ దగ్గర 10 మి.మీ. ఖాళీ వదలమని ఉంది.

విస్తీర్ణాన్ని బట్టి లెక్కిస్తే 48 పలకలు, పది శాతం తరుగు కలిపితే 52, అంటే ఏడు పెట్టెలు వచ్చాయి. కాగితం మీద వరుసలు గీసి చూస్తే, పొడవునా పరచినప్పుడు 16 వరుసలకు మూడేసి చొప్పున సరిగ్గా 48 చాలాయి. వరుస మొదట్లో కోసిన పలకలో మిగిలిన 405 మి.మీ. ముక్క, లాక్ ఉన్న అంచు సరైన వైపే ఉంటుంది కాబట్టి, అదే వరుస చివర సరిపోతోంది. అయితే కిటికీ వైపు కొలిస్తే గది 3,668 మి.మీ. తేలింది, రంపం తినే 3 మి.మీ. కూడా పోతే అక్కడ ఒక్కో గోడ దగ్గర ఖాళీ 13 మి.మీ. అవుతుంది, నా స్కర్టింగ్ మందం 12 మాత్రమే.

అడ్డంగా పరిస్తే 19 వరుసలకు రెండున్నర చొప్పున నలభై ఏడున్నర పలకలు పడతాయి, ఆ పొడవు ఇబ్బందీ ఉండదు. కానీ అంచు విరిగిన పలక ఒక్కటి తగిలినా పని ఆగిపోతుంది.

స్వయంగా పరచినవారు చెప్పగలరా: అడ్డంగా పరిచే ఈ పద్ధతికి ఆరు పెట్టెలు చాలుతాయా, లేక ఏడోది తప్పనిసరిగా కొనాలా?