బత్తాయి మొద్దు మీది ఈ పొట్టు ఏ పురుగుది?

హాలియా తోట: బత్తాయి మొద్దుల మీద మోకాలెత్తులో మట్టిరంగు పురుగులు కదలకుండా పట్టుకుని ఉన్నాయి. ముట్టుకుంటే పెళుసు, లోపల ఖాళీ. పండు రసం పీల్చే కంపు నల్లి పిల్లలని షాపులో చెప్పి మందు కొట్టమన్నారు. కొట్టాలా? నాలుగు ఫొటోలు పెట్టాను.

పురుగుల పిచ్చోడు: వద్దన్నా. మూడో ఫొటోలో ముందు కాళ్లు చూడండి, పీత కాళ్లలా లావుగా, లోపలి అంచున పళ్లతో ఉన్నాయి. అవి మట్టి తవ్వే కాళ్లు. కంపు నల్లి పిల్లకు ఆరు కాళ్లూ సన్నగానే ఉంటాయి, ఒళ్లు డాలులా చదునుగా ఉంటుంది. ఇది సికాడా పొట్టు. పిల్ల ఏళ్ల తరబడి నేలలో వేళ్ల రసం పీల్చి, ఒక రాత్రి పైకొచ్చి మొద్దు పట్టుకుని, వీపు చీల్చుకుని రెక్కలతో ఎగిరిపోయింది. విడిచిన చొక్కాకు మందెందుకు?

జడ్చర్ల టీచర్: నాకు తూనీగ పొట్టులా ఉంది. వీపు చీలికలోంచి తెల్ల దారాలు వేలాడుతున్నాయి. మా చెరువు గట్టున తుంగ మీద అచ్చం ఇవే చూశాను.

పురుగుల పిచ్చోడు: దారాలున్న మాట నిజమే సార్. కానీ అవి ఊపిరి గొట్టాల లోపలి పొర, రెండింటి పొట్టులోనూ ఉంటాయి. వాటితో తేలదు. మొహం కింద చూడాలి. తూనీగ పిల్లకు మడిచిన పెదవి ముసుగులా ఉంటుంది, సికాడాకు సూదిలాంటి ముక్కు కాళ్ల నడుమ వెనక్కి వాలి ఉంటుంది. తోటన్నా, నీళ్లు చిలకరించి కాళ్లు మెత్తబడ్డాక ఒకటి ఊడదీసి వెల్లకిలా పెట్టి ఫొటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి.

గద్వాల పత్తి: మా పత్తాకుల అడుగున కూడా తెల్ల పొట్టులున్నయి, అంచులు పసుపై ముడుచుకుంటున్నయి. ఇదేనా?

పురుగుల పిచ్చోడు: పచ్చదోమ కావచ్చు. సికాడాకు చుట్టమే, కానీ బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆకు తిప్పగానే పిల్లలు పీతల్లా పక్కకు నడిస్తే అదే. బిళ్ల లేకుండా దగ్గరగా తీస్తే ఫొటోలో రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం.

హాలియా తోట: తీశాను. సూది ముక్కే ఉంది, ముందు కాళ్ల పళ్లలో ఎర్రమట్టి కూడా. అంటే మా ఊళ్లో కీచురాయి అనేది ఇదేనా?

జడ్చర్ల టీచర్: ముక్కు చూశాక తూనీగ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కీచురాయికి పొడుగు మీసాలు, దూకే కాళ్లు ఉంటాయి కదా?

పురుగుల పిచ్చోడు: జనం రెండింటినీ ఆ పేరుతోనే పిలుస్తారు సార్. మీరు చెప్పేది ఆకు కొరికి తినేది.

హాలియా తోట: సరే, మరి నాలుగైదు కొమ్మల కొసలు ఎండాయి. అది కూడా దీని పనేనా?

పురుగుల పిచ్చోడు: ఆడ సికాడా పుల్లను చీల్చి గుడ్లు పెడుతుంది. ఎండిన చోట వరుసగా చీలికలుంటే దాని మీద అనుమానపడొచ్చు. బత్తాయి కొమ్మ ఎండడానికి ఇంకా చాలా కారణాలున్నాయి, కొమ్మ చూడకుండా చెప్పలేను.

గద్వాల పత్తి: ఎందుకొచ్చిన టెన్షన్, ఒకసారి కొట్టేస్తే పోలే?

హాలియా తోట: ఆగన్నా, పొద్దుగాల కొమ్మ ఫొటో పెడతా.