'స్వతంత్రంగా' రాయాలా, 'స్వయంగా' రాయాలా? లైసెన్సు సిఫారసు లేఖలో ఒక మాట గురించి

శ్రీధర్ (చెన్నై): సభ్యులకు నమస్కారం. మా కార్యాలయంలో నా దగ్గర పనిచేస్తున్న ఒక సహోద్యోగిని, అమెరికాలోని ఒక రాష్ట్ర బోర్డుకు ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకుంటున్నారు. నాకు ఆ లైసెన్సు ఉంది కాబట్టి నేను సిఫారసు చేయాలి. లేఖ ఆంగ్లంలోనే వెళుతుంది, కాని ఇక్కడి తెలుగు ఇంజనీర్లం కొందరం కొత్తగా చేరినవారి కోసం తెలుగులో ఒక నమూనా సిద్ధం చేస్తున్నాం. అందులో 'ఆమె ఆరు మీటర్ల రిటైనింగ్ గోడకు స్వతంత్రంగా రూపకల్పన చేశారు' అని రాశాను. వెనుక ఉన్న మట్టి జారకుండా ఆపే గోడ అది. ఒక మిత్రుడు 'స్వతంత్రంగా' తీసేసి 'స్వయంగా' రాయమన్నారు. రెండింటికీ తేడా ఉందా, లేక అది రుచికి సంబంధించిన విషయమేనా?

కిరణ్: 'స్వతంత్రంగా' అన్నదే బలమైన మాట. లేఖ చదివే బోర్డు, ఈ వ్యక్తి ఎవరి సాయమూ లేకుండా పనిచేయగలరా అనే చూస్తుంది. 'స్వయంగా' అంటే చేత్తో చేశారని మాత్రమే తెలుస్తుంది. భోజనానికి వచ్చినవారికి స్వయంగా వడ్డించారని అంటాం కదా, అందులో గొప్ప నిర్ణయమేమీ ఉండదు.

రామచంద్రమూర్తి: కిరణ్ గారు చెప్పిన వడ్డన ఉదాహరణ బాగుంది, కాని దానినుంచి తీసిన ముగింపు పూర్తిగా నిలవదు. 'స్వతంత్ర' అన్నప్పుడు దానికి ఎదురుగా 'పరతంత్ర' నిలుస్తుంది, అంటే పైన ఒక అధికారం లేదనే అర్థం ఆ మాటలోనే ఉంది. 'స్వయంగా' అన్నప్పుడు పైన ఎవరున్నారన్న ప్రశ్నే రాదు, మరొకరి చేత చేయించలేదని మాత్రం తెలుస్తుంది. ఆ గోడ విషయంలో ఆమెకు పైన ఎవరైనా ఉన్నారా లేదా అన్నది మీ వృత్తి విషయం, అది మీరే చెప్పాలి.

మాధవి (బెంగళూరు): నేను ఇక్కడ చార్టర్డ్ ఇంజనీరు హోదాకు దరఖాస్తు చేసినప్పుడు మా పెద్దాయన 'స్వతంత్రంగా' అనే రాశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇంజనీర్ల సంస్థకు ఇచ్చే లేఖలో ఇంత లోతుగా వెళ్లాలా?

విశ్వనాథం (చెన్నై): మాధవి గారూ, మీరు చెప్పిన హోదా, శ్రీధర్ అడిగిన లైసెన్సు ఒకటి కాదు. మన దేశంలో వాస్తుశిల్పులకు 1972 నాటి చట్టం ఉంది, ఇంజనీర్లకు అలాంటి దేశవ్యాప్త లైసెన్సు చట్టం లేదు. చార్టర్డ్ ఇంజనీరు అన్నది ఒక సంస్థ ఇచ్చే గుర్తింపు. అమెరికాలో రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేనివారు, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ప్రజలకు ఇంజనీరుగా సేవలు అందించకూడదు. లైసెన్సు రాకముందు చాలా చోట్ల సుమారు నాలుగేళ్ల అనుభవం చూపించాలి, ఆ అనుభవం సాధారణంగా లైసెన్సున్న ఇంజనీరు పర్యవేక్షణలో సాగినదై ఉండాలని అడుగుతారు. అక్కడే చిక్కు వస్తుంది. లైసెన్సు లేని వ్యక్తి ఒక గోడకు 'స్వతంత్రంగా' రూపకల్పన చేశారని లైసెన్సున్న ఇంజనీరే రాస్తే, చదివేవారికి వెంటనే రెండు అనుమానాలు వస్తాయి. ఆ డ్రాయింగును ఆమోదిస్తూ దాని మీద వేసిన ముద్ర ఎవరిది? ముద్ర వేసిన వ్యక్తి పనిని నిజంగా పరిశీలించారా, లేక చూడకుండానే వేశారా? రెండో అనుమానం దరఖాస్తుదారు కంటే లేఖ రాసిన వ్యక్తికే ఎక్కువ ప్రమాదం.

కిరణ్: అయితే నిర్ణయశక్తి ఉందని ఎలా చెప్పాలి? 'నా పర్యవేక్షణలో పనిచేశారు' అని మాత్రమే రాస్తే గుమాస్తా పని చేసినట్టు ఉంటుంది.

విశ్వనాథం: అది నిజమైన ప్రశ్నే. నాలుగేళ్లలో బాధ్యత పెరుగుతూ వచ్చిందా అన్నది వారు చూస్తారు, అంతవరకు మీరు చెప్పింది సరైనదే. పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఎవరిదో రాయడమే దానికి మార్గం. శ్రీధర్, ఆ గోడ దగ్గర ఆమె ఏమి నిర్ణయించారో చెప్పండి.

శ్రీధర్: సముద్రతీరానికి దగ్గరలో ఉన్న ఒక పారిశ్రామిక ప్రాంగణానికి ఆ గోడ. అసలు లెక్క అడుగుల్లో ఉంది, ఇక్కడ మీటర్లలో గుండ్రంగా చెబుతాను. ఎత్తు 6 మీటర్లు, వెనుక నింపే మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు, ఘర్షణ కోణం 30 డిగ్రీలు. మట్టి పొడిగా ఉంటే గోడ మీద ఒక మీటరు పొడవుకు 108 కిలోన్యూటన్ల తోపుడు వస్తుంది. మొదట గోడలో నీరు బయటకు పోయే రంధ్రాలు ఉన్నాయి. తర్వాత యజమాని, మలిన నీరు ముందువైపుకు రాకూడదని, వాటిని మూసివేయమన్నారు. డ్రాయింగులో అది ఒక్క చిన్న సవరణ. వెనుక నీరు పైదాకా నిలిస్తే తోపుడు 228 అవుతుందని ఆమె గుర్తించి, ఎవరూ అడగకముందే నాకు చూపించారు. మట్టి తోపుడు తగ్గి 48 అయినా, నీటి తోపుడు ఒక్కటే 180 వస్తుంది. గోడను అంత బలంగా కట్టడం కంటే, వెనుక కంకర పొర, అడుగున చిల్లుల పైపు పెట్టి, నీటిని శుద్ధి చేసే తొట్టెలోకి మళ్లించాలని ఆమే ప్రతిపాదించారు. పైపు పూడుకుపోయి నీరు సగం ఎత్తుకు నిలిస్తే ఏమవుతుందో కూడా చూడమని నేను చెప్పాను. అప్పుడు తోపుడు 138 వచ్చింది, గోడను దానికి సరిపడేలా మార్చాం.

విశ్వనాథం: ఇదే రాయండి. 'అద్భుతమైన ప్రతిభ', 'అంకితభావం' లాంటి వాక్యాలేమైనా ఉంటే తీసేసినా నష్టం లేదు. సగం ఎత్తు నీటిని చూడమన్నది మీరేనని చెప్పడం మరచిపోకండి. అది మీ పర్యవేక్షణకు రుజువు, దానివల్ల ఆమె వాటా తగ్గదు.

రామచంద్రమూర్తి: ఇప్పుడు భాష విషయం కూడా తేలికైంది. 'రంధ్రాలు మూయడం వల్ల కలిగే ప్రమాదం గుర్తించబడింది' అని రాయకండి. 'బడు' పాత తెలుగులోనూ ఉన్న ప్రయోగమే, దాన్ని దోషమనను. అయితే ఇక్కడ గుర్తించినది ఎవరన్నదే లేఖకు ప్రాణం, ఆ మాట దాన్నే దాచేస్తుంది. 'మార్చాం' అన్న మీ చివరి మాటలోనూ అదే ఇబ్బంది ఉంది. మార్చింది ఎవరు?

శ్రీధర్: లెక్క ఆమెది, ఆమోదం నాది. అయితే ఇలా రాస్తాను: 'రంధ్రాలు మూసివేస్తే గోడ మీద తోపుడు రెట్టింపు కంటే ఎక్కువవుతుందని ఆమె స్వయంగా గుర్తించి, నీటిని వెనుకనుంచి మళ్లించే పద్ధతిని ప్రతిపాదించారు. పైపు పూడుకుపోయే పరిస్థితిని కూడా పరిశీలించమని నేను సూచించగా, ఆ లెక్కను ఆమే చేసి గోడ మందాన్ని సవరించారు. ఆ లెక్కను నేను సరిచూసి, డ్రాయింగు మీద నా ముద్ర వేశాను.'

మాధవి: ఇది చదివాక, మా పెద్దాయన రాసిన లేఖలో నేను చేసిన పని ఒక్కటీ లేదని తెలుస్తోంది. అందులో నా గుణాలే ఉన్నాయి.

కిరణ్: 'స్వయంగా' విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి 'బాధ్యత' మాటేమిటి? 'ఆ గోడకు ఆమె బాధ్యత వహించారు' అని చివరిలో ఒక వాక్యం చేర్చవచ్చా?

విశ్వనాథం: నేనైతే చేర్చను. ముద్ర వేసినవారిదే బాధ్యత అని ఆ బోర్డులు భావిస్తాయి. 'ఆ భాగపు పని భారం ఆమెది' అంటే సరిపోవచ్చు.

రామచంద్రమూర్తి: 'భారం' అంటే తెలుగులో మోత కూడా, కష్టం కూడా. ఆ మాట నాకు అంతగా నచ్చలేదు, కాని దాని చోట ఏది పెట్టాలో ఇంకా తోచలేదు. ఎవరికైనా తోస్తే రాయండి.