సమస్యాపూరణం: ముందు పండుగ వాఁడెపో పుట్టెఁ బిదప

నిర్వాహకుడు: ఇద్దరు ముసలి స్నేహితులు. జాతకాలు లేవు, పండుగలూ జరిగిన సంగతులే గుర్తు. ఎవరు పెద్దో వాళ్ల మాటల్లోనే తేలాలి. తేటగీతిలో పూరించండి, పద్యంలో తేదీలు వద్దు.

కొవ్వూరు కుర్రాడు:

కృష్ణ పుష్కరములనాఁడు కేక పెడితి
గౌతమీ పుష్కరములందుఁ గనిరి నిన్ను
ఏఁడు తేడా మనకు, నీవె పెద్ద మిత్ర
ముందు పండుగ వాఁడెపో పుట్టెఁ బిదప

తెనాలి మాస్టారు: మొదటి రెండు పాదాలు హాయిగా నడిచాయి నాయనా. మూడో పాదంలో ఏ-పె యతి కుదరదు. అంతకంటే పెద్ద చిక్కు అర్థంలో ఉంది. గోదావరి పుష్కరాలు 1955లో, కృష్ణవి 1956లో వచ్చాయి. నీ లెక్కన ముందు పండుగ వాడే ముందు పుట్టాడు. మరి సమస్య అడిగింది తలకిందులు కదా! నా ప్రయత్నం చూడండి.

దసర నాఁడు నేఁ బుట్టితిఁ, దమ్ముఁ డీవు!
కాదు, సంక్రాంతి ముందు రాఁగలదు కాదె?
రాయి సాగరునకు వేయ, రావు నీవు;
ముందు పండుగ వాఁడెపో పుట్టెఁ బిదప!

గుంటూరు అక్కయ్య: మా నాన్నగారిదీ ఇదే గొడవ. ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంది. నాయనమ్మ మాత్రం వరి కోతలప్పుడు పుట్టాడనేది. పెన్షన్ కాగితాలకి ఏది రాయాలో ఎవరైనా చెప్తారా?

నిర్వాహకుడు: అక్కా, కాగితాల సంగతి వేరే చోట అడగండి. కానీ కోతలు అన్నారు చూడండి, అలాంటి ఆనవాలే పద్యానికి ప్రాణం. మాస్టారి మూడో పాదం తీసేస్తే పూరణ నిలవదు. జనవరి నుంచి లెక్కేస్తే సంక్రాంతి ముందు, ఉగాది నుంచి లెక్కేస్తే దసరా ముందు. మన్మథ నామ సంవత్సరంలో దసరా అయ్యాక, 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. సంక్రాంతి ఆ తర్వాతి నెలలో వచ్చింది. అప్పటికింకా పుట్టలేదంటే రెండోవాడిది ఆ సంక్రాంతో, ఆ తర్వాతిదో అవుతుంది, ఎలా చూసినా చిన్నవాడే. అదే అంతకుముందు సంక్రాంతికి పుట్టి ఉంటే, రాయి వేసేనాటికి పాకుతూనో నిలబడుతూనో ఉండేవాడు.

కొవ్వూరు కుర్రాడు: యతి తప్పు ఒప్పుకుంటా మాస్టారూ. అయితే సమస్యగా ఇచ్చిన పాదంలో ము-పు మాటేమిటి? అదీ కుదరదుగా?

తెనాలి మాస్టారు: కుదురుతుంది. ముకారానికి పు, బు లతో యతి లాక్షణికులు ఒప్పుకున్నదే. నీ మూడో పాదాన్ని "ఏఁడు తేడా మనకు, నీవె యెక్కు డనెద" అని మార్చు, యతి సరిపోతుంది. అర్థం మాత్రం నువ్వే చూసుకోవాలి.

నిర్వాహకుడు: నాకు ఒక్క అభ్యంతరం ఉంది. దసరాని "దసర" అని కుదించడం చెవికి ఆనడం లేదు.

తెనాలి మాస్టారు: మా వైపు అలాగే అంటారండీ. దాన్ని మార్చాలంటే మొదటి పాదమంతా మళ్లీ అల్లాలి.

కొవ్వూరు కుర్రాడు: గోదావరి వరదలు పెట్టి ఇంకోటి రాస్తున్నా. 1953 వరద ఒకడికి, 1986 వరద వాడి మనవడికి. రేపు పెడతా.