కడప చుట్టూ ఐదు జిల్లాలు: మూడు రంగులు ఎందుకు చాలవు?

ప్రొద్దుటూరు టీచర్: 2022కు ముందున్న పదమూడు జిల్లాల మ్యాపు ఇచ్చి, మూడు స్కెచ్ పెన్నులతో రంగులు వేయమన్నాను. పక్కపక్క జిల్లాలకు ఒకే రంగు రాకూడదు. పిల్లలంతా కడప దగ్గరే ఇరుక్కుపోయారు. జిల్లాలను చుక్కలుగా మార్చి డ్యూయల్ గ్రాఫ్ గీస్తే కారణం కనబడుతుందంటారు. ఎలా గీయాలి? మ్యాపు బయటి భాగానికీ చుక్క పెట్టాలా?

తాడిపత్రి బీఎస్సీ: సింపుల్ మేడం. ఒకదానికొకటి తగులుకునే నాలుగు జిల్లాలు ఉంటే నాలుగు రంగులు కావాలి. అక్కడ అలాంటివి ఉన్నట్టున్నాయి.

కర్నూలు లెక్చరర్: ఆ నాలుగింటి పేర్లు చెప్పు నాయనా. కర్నూలు, అనంతపురం, కడప ఒకదానికొకటి తగులుతాయి, సరే. నాలుగోది? చిత్తూరు కర్నూలుకు తగలదు. ప్రకాశం అనంతపురానికి తగలదు. ఏ నాలుగు తీసుకున్నా ఇంతే.

టీచర్ గారూ, జిల్లాకో చుక్క పెట్టండి. రెండు జిల్లాల మధ్య హద్దు ఉంటే, ఆ హద్దును దాటేలా రెండు చుక్కలనూ కలుపుతూ గీత గీయండి. ఇక హద్దుల వంకర టింకరలతో పని లేదు. కలిసిన చుక్కలకు వేరే రంగులు రావాలి, అంతే. మధ్యలో కడప చుక్క. చుట్టూ కర్నూలు, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం. ఈ ఐదూ వరసగా ఒకదాన్నొకటి పట్టుకుని, ప్రకాశం మళ్లీ కర్నూలును పట్టుకుంటుంది. కడపకు ఎరుపు వేస్తే ఆ ఐదింటికీ ఎరుపు పనికిరాదు. కర్నూలు నీలం, అనంతపురం పచ్చ, చిత్తూరు నీలం, నెల్లూరు పచ్చ. ప్రకాశానికి ఒకవైపు పచ్చ, ఇంకోవైపు నీలం, మధ్యలో ఎరుపు. నాలుగో పెన్ను తీయాల్సిందే. వలయంలో బేసి సంఖ్య ఉన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టినా ఇదే గతి.

తాడిపత్రి బీఎస్సీ: అయితే ఐదు జిల్లాలు ఒకదానికొకటి తగిలే మ్యాపు గీయలేం కాబట్టి ఐదో రంగు అక్కర్లేదని మా నోట్సులో ఉంది. అదన్నా కరెక్టేనా?

కర్నూలు లెక్చరర్: గీయలేమన్నది నిజం. ‘కాబట్టి’ అన్నది తప్పు. ఇప్పుడే చూశావు కదా, తగులుకునే నాలుగు లేకుండానే నాలుగు రంగులు పట్టాయి. ఏ మ్యాపుకైనా నాలుగు రంగులు చాలని కెంప్ 1879లో ఇచ్చిన నిరూపణలో లొసుగును హేవుడ్ 1890లో పట్టుకున్నాడు. 1976లో అపెల్, హేకెన్ కంప్యూటర్ సాయంతో గానీ అది తేలలేదు.

రిటైర్డ్ సర్వేయర్, ఆదోని: హద్దు అంటే మీరంతా తేలిగ్గా మాట్లాడుతున్నారు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట ట్రైజంక్షన్ రాయి ఉంటుంది. అట్లాంటి రాయి దగ్గర నాలుగు ఊళ్లు కలిస్తే, ఎదురెదురు ఊళ్లు కూడా ఇరుగుపొరుగే. గీత గీయాల్సిందే.

కర్నూలు లెక్చరర్: గీయకూడదు. ఒక రాయి దగ్గర పది పొలాలు కలిస్తే పదీ పొరుగులేనా? అప్పుడు పది రంగులు కావాలి. ఎంతో కొంత పొడవున్న హద్దు ఉంటేనే గీత.

రిటైర్డ్ సర్వేయర్, ఆదోని: నా సర్వీసంతా చైను పట్టుకుని ఆ రాళ్ల వెంట తిరిగినవాణ్ని. రాయి అందరిదీ. కాగితం మీద గీసేవాళ్లు నాకు చెప్పొద్దు.

కర్నూలు లెక్చరర్: మీ అనుభవానికి దండం. కానీ ఇది రంగుల లెక్కలో పెట్టుకున్న నియమం, భూమి తగాదా కాదు. మీ ట్రైజంక్షన్ రాయి మాత్రం ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఆ రాయి చుట్టూ ఉన్న మూడు చుక్కలను కలిపితే త్రిభుజం వస్తుంది. నాలుగు ఊళ్లు కలిసే రాయి అయితే చతుర్భుజం వస్తుంది, దాని కర్ణాలు గీయం.

అనంతపురం అపార్ట్‌మెంట్: మా బిల్డింగులో వైఫై ఒకదాన్నొకటి డిస్టర్బ్ చేస్తున్నాయి. 1, 6, 11 ఛానెళ్లు మార్చి మార్చి పెట్టాం. నాలుగు రంగులు చాలంటున్నారు, మరి నాలుగో ఛానెల్ ఏది పెట్టాలి?

కర్నూలు లెక్చరర్: మీకు ఆ నాలుగు రంగుల సిద్ధాంతం వర్తించదు. అది గీతలు ఒకదాన్నొకటి దాటని గ్రాఫ్‌లకే. పై అంతస్తు సిగ్నల్ కిందికీ, పక్కకీ, రెండిళ్లు దాటీ వస్తుంది. మీ వైఫైలను చుక్కలు చేసి, డిస్టర్బ్ చేసుకునే వాటిని కలిపితే, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా ఆ గ్రాఫ్‌ను గీయగలమన్న హామీ లేదు.

ధర్మవరం: ఎప్పుడూ కడపేనా? మా అనంతపురం చుట్టూ కూడా వలయం ఉంది. కర్ణాటకను ఒకే ముక్కగా తీసుకోండి: కర్నూలు, కడప, చిత్తూరు, కర్ణాటక. నాకిక్కడ మూడు రంగులే సరిపోయాయి.

ప్రొద్దుటూరు టీచర్: నాలుగు సరి సంఖ్య కదా, అందుకే! రెండు రంగులు మార్చి మార్చి వేస్తే వలయం పూర్తవుతుంది, మధ్యలో అనంతపురానికి మూడోది. రేపు పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి గీయిస్తా. బయటి చుక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

తాడిపత్రి బీఎస్సీ: మా పరీక్షలో బయటి చుక్క పెట్టలేదని మార్కులు కోసేశారు మేడం. పెట్టండి.

కర్నూలు లెక్చరర్: డ్యూయల్ గీయమంటే పెట్టాలి. బయట రంగు వేయనప్పుడు మ్యాపు రంగులకు అక్కర్లేదు.

నంద్యాల: 2022లో విడగొట్టిన మ్యాపులో కడప చుట్టూ నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, అన్నమయ్య, నెల్లూరు, ప్రకాశం. ఆరయితే సరి, ఈ వలయం నాలుగో రంగు అడగదు. కానీ అన్నమయ్యకూ నెల్లూరుకూ మధ్య తిరుపతి దూరి కడపను తాకితే ఏడవుతుంది, మళ్లీ బేసి. అక్కడి రెవెన్యూ మ్యాపు ఎవరి దగ్గరైనా ఉందా?

రిటైర్డ్ సర్వేయర్, ఆదోని: అక్కడ రాయి ఒక్కటే కలుస్తోందేమో చూసుకోండి. అప్పుడు మాట్లాడదాం.