సీటీలో కనపడని స్ట్రోక్ డిఫ్యూజన్‌లో ఎలా కనపడింది? మొదటే ఎంఆర్ఐ తీయాల్సిందా?

ఖమ్మం కూతురు:
నాన్నకు 64 ఏళ్లు. మొన్న పొద్దున 7:10కి టీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. 8:25కి సీటీ తీసి నార్మల్ అన్నారు. అయినా 8:50కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. 11 దాటాక ఎంఆర్ఐ తీస్తే డిఫ్యూజన్ ఫిల్ములో మెదడు ఎడమవైపు తెల్లగా మెరుస్తోంది. కుడివైపు కూడా ఒక చిన్న తెల్ల మచ్చ ఉంది. డిఫ్యూజన్‌లో నిమిషాల్లోనే తెలిసిపోతుందట కదా, మరి సీటీతో టైమ్ ఎందుకు పోగొట్టారని అన్నయ్య కోపంగా ఉన్నాడు. సీటీకి కనపడనిది దీనికెలా కనపడింది? కుడివైపు మచ్చ కూడా అదే రోజుదా?

వరంగల్ 77:
డిఫ్యూజన్‌లో తెల్లగా కనపడేది రక్తం గడ్డేనండి. గడ్డ వల్ల చచ్చిపోయిన చోట నీరు చేరి వాపు వస్తుంది, ఆ నీరే తెల్లగా మెరుస్తుంది. రెండు చోట్ల తెల్లగా ఉందంటే రెండు స్ట్రోకులు వచ్చాయన్నమాట. మీ అన్నయ్య అన్నది కరెక్టే.

ఎంఆర్ఐ టెక్నీషియన్:
పద్నాలుగేళ్లుగా మెషీన్ దగ్గరే పనిచేస్తున్నాను. వరంగల్ అన్నా, నీటి సంగతే అన్నది నిజం. కానీ అక్కడ తెల్లగా ఉన్నది గడ్డ కాదు. కొత్తగా వచ్చి చేరిన నీరు కూడా కాదు. సీటీకి ఎందుకు కనపడలేదో అర్థం కావాలంటే ముందు ఈ తేడా పట్టుకోవాలి.

మెదడులో కణాల మధ్య సన్నటి సందులు ఉంటాయి. మొత్తం చోటులో అవి దాదాపు ఐదో వంతు. కణం గోడలో సోడియాన్ని బయటికి తోసే పంపు ఒకటి ఉంటుంది, అది రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి. రక్తం ఆగితే దానికి శక్తి అందదు, నిమిషాల్లో ఆగిపోతుంది. సోడియం లోపలికి వస్తుంది, దాని వెంట నీరూ వస్తుంది. ఆ నీరు ఎక్కడిది? పక్క సందులోదే. కణాలు ఉబ్బుతాయి, సందులు సగానికి సగం ఇరుకైపోతాయి. ఆ చోట మొత్తం నీరు మాత్రం ఇంకా అంతే ఉంటుంది.

తిరునాళ్ల రోజు ఊరు గుర్తు తెచ్చుకోండి. వీధుల్లో తిరిగే జనం ఒక్కసారిగా ఇళ్లలోకి వెళ్లిపోయారు. ఊళ్లో తలలు లెక్కపెడితే నిన్నా ఇవాళా ఒకటే సంఖ్య. ఒక్కొక్కరు ఎంత దూరం నడిచారని అడిగితే మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. సీటీ తలలు లెక్కపెట్టేది. ఆ చోట నీరు నిజంగా పెరిగితేనే దానికి రంగు మారుతుంది, అందుకు గంటలు పడుతుంది. డిఫ్యూజన్ నడకను కొలుస్తుంది.

తణుకు ఫిజిక్స్ మాస్టారు:
నడక అన్న మాట బాగుంది. ఎంత నడకో కూడా చెప్తాను. మెషీన్ గమనించేది ఒక సెకనులో ఇరవయ్యో వంతు సేపు. ఆ కాసేపట్లో మెదడులో నీటి అణువు పది, పదిహేను మైక్రాన్లు కదులుతుంది. కణం కొలత కూడా ఇంచుమించు అంతే కాబట్టి, గోడలు అడ్డొస్తే నడక తగ్గడం మెషీన్‌కు దొరికిపోతుంది.

కొలిచే పద్ధతి స్టెయ్‌స్కల్, టానర్ అనే ఇద్దరు 1965లో ఇచ్చారు. అయస్కాంత క్షేత్రాన్ని ఒక పక్కకు వాలుగా పెంచి ఒక పల్స్ ఇస్తే, ప్రతి అణువుకూ తాను నిలబడ్డ చోటును బట్టి ఒక గుర్తు పడుతుంది. కాసేపాగి ఆ గుర్తును చెరిపే రెండో పల్స్ ఇస్తారు. కదలని అణువుకు గుర్తు పూర్తిగా చెరిగిపోతుంది, దాని సిగ్నల్ నిలుస్తుంది. కదిలిన వాటికి సరిగ్గా చెరగదు, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అక్కడ బొమ్మ నల్లబడుతుంది. అందుకే తెలుపు అంటే నీరు ఎక్కువని కాదు, నీరు ఎక్కడికీ పోలేకపోయిందని.

నల్గొండ రైతుబిడ్డ:
మా నాయనకు క్రియాటినిన్ 2.1 ఉంది. ఈ డిఫ్యూజన్ అంటే రంగు మందు ఎక్కించి తీసేదేనా? కిడ్నీకి దెబ్బని వద్దన్నారు.

ఎంఆర్ఐ టెక్నీషియన్:
కాదు తమ్ముడూ. దీనికి ఏ మందూ ఎక్కించరు. ఒంట్లో ఉన్న నీటినే చూస్తాం, డిఫ్యూజన్ ఒక్కటి తీయడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. మీ వాళ్లు వద్దన్నది వేరే పరీక్ష గురించి అయ్యుంటుంది, డాక్టర్‌నే అడగండి.

ఖమ్మం అమ్మా, కుడివైపు మచ్చకు వస్తాను. డిఫ్యూజన్ బొమ్మ పక్కనే ADC అని ఇంకో బొమ్మ ఉంటుంది, ఎక్కడెక్కడ నీటి నడక ఎంతో అది అంకెల్లో చెప్తుంది. రెండు మచ్చల దగ్గరా విలువలు రాసుంటే పెట్టండి.

ఖమ్మం కూతురు:
ఉన్నాయండి. ఎడమవైపు 0.42, కుడివైపు 1.10. చుట్టూ మామూలు మెదడు 0.80 అని ఉంది. డిఫ్యూజన్ మీద b=1000 అని ఉంది.

తణుకు ఫిజిక్స్ మాస్టారు:
అయితే లెక్క చేసి చూద్దాం. S0 అంటే ఆ పల్సులు ఇవ్వకముందు సిగ్నల్, b అంటే పల్సుల బలం. చివరికి మిగిలే సిగ్నల్ S కు సూత్రం ఇది:

```
S = S0 × e^(−b × ADC)
```

ఆ ADC విలువలను వెయ్యితో భాగించి వేసుకోవాలి. మామూలు మెదడుకు e^(−0.8), అంటే 0.45 మిగులుతుంది. ఎడమవైపు e^(−0.42), అంటే 0.66. దాదాపు ఒకటిన్నర రెట్లు, అందుకే కంటికి మెరుస్తోంది. కుడివైపు నడక మామూలుకన్నా ఎక్కువ, e^(−1.1) అంటే 0.33. లెక్క ప్రకారం అది చుట్టూ ఉన్నదానికన్నా నల్లగా ఉండాలి. కానీ తెల్లగా ఉందంటున్నారు.

ఎంఆర్ఐ టెక్నీషియన్:
మాస్టారూ, S0 అన్ని చోట్లా ఒకటే అనుకున్నారు, అక్కడే మలుపుంది. పాత దెబ్బ తగిలిన చోట కణాలు కరిగి నీరు నిండుతుంది. అలాంటి చోటు డిఫ్యూజన్ పల్సులు ఇవ్వకముందే, నీరు తెల్లగా కనపడే టీ2 అనే మామూలు ఎంఆర్ఐ బొమ్మలో తెల్లగా ఉంటుంది. S0 రెట్టింపు అనుకోండి, రెండును 0.33తో గుణిస్తే 0.66. ఎడమవైపు కొత్త స్ట్రోక్‌కు వచ్చిన సంఖ్యే. ఫిల్ము మీద రెండూ ఒకేలా మెరుస్తాయి, కానీ ఒకటి మొన్నటిది, ఇంకొకటి ఎప్పటిదో. మేము దీన్ని టీ2 షైన్ త్రూ అంటాం. ADC బొమ్మలో టీ2 ప్రభావం ఉండదు కాబట్టి, కొత్తది అక్కడ నల్లగా, పాతది తెల్లగా విడిపోతాయి. కుడివైపుది పాత మచ్చే అనిపిస్తోంది. చివరి మాట మీ రేడియాలజిస్ట్‌దే.

డిఫ్యూజన్ ఫిల్మొక్కటే ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటారు. ADC లేకుండా దాన్ని చూసి కొత్తదనీ పాతదనీ చెప్పడం నాకు భయం.

ఖమ్మం అన్న:
చెల్లెలు చెప్తే చదివాను. మచ్చ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. నిమిషాల్లో తేల్చే పరీక్ష ఉండగా గంటల దాకా తేల్చలేని పరీక్ష ముందెందుకు? రక్తస్రావం ఉందో లేదో సీటీయే చూడాలంటారు. అది ఎంఆర్ఐలోనూ తెలుస్తుందని చదివాను.

క్యాజువాలిటీ డాక్టర్:
తెలుస్తుంది, మీరు చదివింది నిజమే. ముందే ఎంఆర్ఐ తీసే సెంటర్లూ ఉన్నాయి. కానీ ఆ పొద్దున మీ నాన్నగారి విషయంలో తేలాల్సింది స్ట్రోక్ ఉందా అన్నది కాదు. చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది, 7:10కి మొదలైందని మీరే చూశారు. పరీక్ష చేసిన డాక్టర్‌కు అది చాలు. తేలాల్సింది మెదడులో రక్తం చిందిందా అన్నదే, ఎందుకంటే చింది ఉంటే ఆ ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. సీటీ దాన్ని నిమిషంలో చెప్పింది, 25 నిమిషాల్లో మందు మొదలైంది. సీటీ నార్మల్ అంటే స్ట్రోక్ లేదని కాదు, మందు ఇవ్వడానికి అడ్డు లేదని.

ఎంఆర్ఐకి పంపాలంటే పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా అని అడగాలి. మాట రాని మనిషి చెప్పలేడు. వాంతులవుతూ కదిలిపోయే మనిషిని సొరంగంలో పడుకోబెట్టాలి. నేను పనిచేసిన చోట రాత్రి పదకొండు తర్వాత ఎంఆర్ఐ మనిషిని ఇంటినుంచి పిలిపించాల్సి వచ్చేది.

బెంగళూరు సుబ్బులు:
డిఫ్యూజన్‌లో లేకపోతే స్ట్రోక్ లేనట్టేనా? మా అమ్మకు కళ్లు తిరిగి, వాంతులై, నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోయింది. నాలుగు గంటల్లోపే డిఫ్యూజన్ తీశారు, ఏమీ లేదు, చెవిలో సమస్య అని ఇంటికి పంపారు. మూడో రోజు మింగుడు పడక మళ్లీ తీస్తే మెదడు అడుగున ఉండే మెడుల్లాలో చిన్న తెల్ల చుక్క. ఆ మొదటి రిపోర్టును నేను దేవుడి మాటలా నమ్మాను.

క్యాజువాలిటీ డాక్టర్:
లేనట్టు కాదమ్మా. మీ అమ్మగారి విషయంలో జరిగింది తెలిసిన లోపమే. మొదటి డిఫ్యూజన్‌లో దొరకని స్ట్రోకులు నూటికి సుమారు ఏడు, అందులో ఎక్కువ వంతు తల వెనుక భాగానివి. మెడుల్లా చుక్క మినపగింజంత ఉండొచ్చు, స్లైసు మందం అయిదు మిల్లీమీటర్లు. పైగా అక్కడ ఎముకా గాలీ పక్కపక్కనే ఉండి బొమ్మను వంకర చేస్తాయి. కళ్లు తిరిగే కేసుల్లో కనుగుడ్ల కదలికలు చూసి చెప్పే పరీక్ష, తెలిసినవాళ్లు చేస్తే, మొదటి రోజున ఎంఆర్ఐని మించి పట్టుకుంటుంది. మూర్ఛ వచ్చి తగ్గాకా, షుగర్ బాగా పడిపోయినప్పుడూ స్ట్రోక్ లేకుండానే తెల్లబడవచ్చు. మనిషిని చూడకుండా ఫిల్మొక్కటే చూస్తే రెండు వైపులా తప్పు జరుగుతుంది.

ఖమ్మం అన్న:
మరి నిద్రలో వచ్చినవాళ్లకు? వాళ్లకు 7:10 అని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

క్యాజువాలిటీ డాక్టర్:
అక్కడ మీ వాదనకు బలముంది. డిఫ్యూజన్‌లో తెల్లగా ఉండి ఫ్లెయిర్ అనే ఇంకో రకం ఎంఆర్ఐ బొమ్మలో ఇంకా ఏమీ కనపడకపోతే, స్ట్రోక్ మొదలై బహుశా నాలుగున్నర గంటలు దాటలేదని అర్థం, ఎందుకంటే ఫ్లెయిర్ మారాలంటే కొత్త నీరు చేరాలి. ఈ తేడా చూసి మందు ఇచ్చిన వేకప్ ట్రయల్ 2018లో వచ్చింది, మందు ఇచ్చినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు, రక్తస్రావాలు మాత్రం కాస్త ఎక్కువ. అలాంటి మనిషి వస్తే నేనూ ఎంఆర్ఐకే పంపుతాను. అందరికీ ముందు అదే అంటే మాత్రం ఒప్పుకోను.

వరంగల్ 77:
గడ్డ అని నేను రాసింది తప్పే. కానీ తెల్లగా ఉన్నదంతా చచ్చిపోయిన భాగమే కదా?

ఎంఆర్ఐ టెక్నీషియన్:
చాలావరకు అలాగే అవుతుంది, అంతా కాదు. నాళం తొందరగా తెరుచుకుంటే తెల్లగా ఉన్న భాగంలో కొంత తిరిగి మామూలయిన బొమ్మలు నేనే తీశాను. ఎంత తిరిగి వస్తుందో, వచ్చినట్టు కనపడ్డది నిజంగా బతికిందో లేదో డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు.

తణుకు ఫిజిక్స్ మాస్టారు:
నడక ఎందుకు తగ్గుతుందన్నదీ పూర్తిగా తేలలేదు. మీరు చెప్పిన సందుల ఇరుకు ఒక కారణం. నరాల తీగలు పూసల దండలా ఉబ్బి లోపలి దారి కూడా ఆగిపోతుందని 2010 నుంచి ఇంకో వాదన ఉంది. నాకు రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది.

ఖమ్మం కూతురు:
రేడియాలజిస్ట్‌ను అడిగాను. కుడివైపుది పాతదే అన్నారు. నాలుగేళ్ల కిందట నాన్నకు రెండు రోజులు ఎడమచెయ్యి తిమ్మిరెక్కిందని అమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది, అప్పుడు బీపీ మాత్ర వేసుకుని ఊరుకున్నారట. పది రోజుల తర్వాత మళ్లీ ఎంఆర్ఐ తీయిస్తే ఎడమవైపు ADC ఎంత తేరుకుందో తెలుస్తుందా?

ఎంఆర్ఐ టెక్నీషియన్:
దానికోసమైతే వద్దమ్మా. వారం పది రోజులకు కణాలు కరగడం మొదలై ADC పైకి వస్తుంది, దారిలో ఒక రోజు సరిగ్గా 0.80 దగ్గర నిలబడుతుంది. చూస్తే నయమైనట్టే ఉంటుంది, కాదు. ఆయన గ్లాసు పట్టుకోగలుగుతున్నారా?

ఖమ్మం కూతురు:
స్టీలు గ్లాసు పట్టుకుంటున్నారు. నిండా పోస్తే మాత్రం వణుకుతోంది.